“రాగి సంగటి దగ్గర్లో ఎక్కడ దొరుకుతుంది?” అని వెతికేవాళ్లకు మీ హోటల్ మెనూ కనబడాలంటే

కూకట్‌పల్లిలో మా దూరపు బంధువు ఒకాయన రాయలసీమ మెస్ నడుపుతున్నారు. పన్నెండు టేబుళ్లు, మధ్యాహ్నం రద్దీ, రాత్రి ఎక్కువగా పార్సిళ్లు. ఒకరోజు అక్కడ భోంచేసి బయటికి వస్తుంటే మెట్ల పక్కన బండి ఆపిన కుర్రాడు ఫోన్ చూపించి అడిగాడు: “అన్నా, ఈ హోటల్‌కి ఎటు నుంచి వెళ్లాలి?” ఫోన్‌లో `ragi sangati near me` అని కొట్టి ఉంది. మ్యాప్ మూడు కిలోమీటర్ల అవతల ఉన్న వేరే హోటల్ చూపిస్తోంది. “తమ్ముడూ, ఇక్కడే లోపల పొయ్యి మీద సంగటి ఉడుకుతోంది” అన్నాను. “ఇక్కడ కూడా దొరుకుతుందా?” అంటూ బండి స్టాండ్ వేశాడు.

చిన్న హోటళ్లకు మెనూ పేజీలు రాసిపెట్టడం నా పని. ఆ సాయంత్రమే మెస్ వెబ్‌సైటు తీసి చూశాను. మెనూ అంటే ప్రింటు కార్డును ఫొటో తీసి పెట్టిన నాలుగు బొమ్మలు. అందులో సంగటి, నాటుకోడి పులుసు కలిపి ఇచ్చే ఐటమ్ పేరు ‘సీమ సింహం థాలీ’. పేరు గంభీరంగానే ఉంది కానీ సైటు మొత్తం వెతికినా ‘రాగి’ అన్న మాట ఒక్కచోట కూడా లేదు. ఆ మెనూను తిరగరాయడానికి మాకు వారం పట్టింది. ఆ వారంలో చేసిన పనినే ఇక్కడ వరసగా చెబుతున్నాను.

ఒక విషయం ముందే తెలిసుండాలి. దగ్గర్లోని చోట్లను చూపించేటప్పుడు మూడు సంగతులు చూస్తామని గూగుల్ చెబుతుంది. వెతికిన మాటకు మీ హోటల్ ఎంత సరిపోతుంది, వెతికిన మనిషికి ఎంత దూరంలో ఉంది, ఎంత పేరున్న చోటు. దూరాన్ని మార్చలేం. పేరు రావడానికి ఏళ్లు పడుతుంది. మెనూ పేజీతో మనం మార్చగలిగేది మొదటిది ఒక్కటే. కూకట్‌పల్లి మెస్‌ను దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నవాళ్లకు చూపించడం ఈ పద్ధతితో కాదు. పక్క వీధిలో నిలబడి వెతికే కుర్రాడికి చూపించడం మాత్రం అవుతుంది.

1. ముందు జనం నోట్లో ఉన్న పేరు పట్టుకోండి

ఇది కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పని కాదు. మెస్‌లో ఫోన్ ఎత్తే కౌంటర్ అబ్బాయికి ఒక నోట్‌బుక్ ఇచ్చి, వారం రోజులు వచ్చిన ప్రతి ఫోన్‌లో వాళ్లు ఐటమ్‌ను ఏ పేరుతో అడిగారో అదే మాట రాయమన్నాం. సరిదిద్దొద్దు, మెనూలో ఉన్న పేరుకు మార్చొద్దు అని గట్టిగా చెప్పాం. “సంగటి ఉందా”, “రాగి ముద్ద ఉందా”, “సంకటి, నాటుకోడి పార్సిల్ ఇస్తారా”, “కంట్రీ చికెన్ ఉందా” అని వచ్చాయి. ‘సీమ సింహం’ అని అడిగినవాళ్లు ఇద్దరే, వాళ్లూ రోజూ వచ్చేవాళ్లే.

చిత్తూరు వైపు మనిషి సంగటి అనో సంకటి అనో అంటాడు. అనంతపురం వైపు, కర్ణాటక సరిహద్దు వైపు ముద్ద అంటారు. తెలంగాణలో ఒకే పిండివంటను ఒకరు సర్వపిండి అంటే మరొకరు తపాలచెక్క అంటారు. ఇందులో ఏది సరైన పేరన్నది మన ప్రశ్న కాదు. మీ హోటల్ ఉన్న వీధికి వచ్చేవాళ్లు ఏ పేరుతో అడుగుతున్నారన్నదే ప్రశ్న.

నోట్‌బుక్ తర్వాత ఫోన్ తీయండి. గూగుల్ వెతుకు పెట్టెలో `ragi sa` వరకు కొట్టి ఆగితే కింద సూచనలు వస్తాయి. అవి నిజంగా జనం కొట్టే మాటలకు దగ్గరగా ఉంటాయి. మీ పాత వెతుకులాటల ప్రభావం పడకుండా ఇన్‌కాగ్నిటో విండోలో చూడండి. మ్యాప్‌లో మీ హోటల్ వివరాలు చూపించే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ మీ చేతిలో ఉంటే దాని పెర్ఫార్మెన్స్ పేజీలో ఏ మాటలు వెతికినప్పుడు మీ ప్రొఫైల్ కనబడిందో జాబితా ఉంటుంది. ఆ జాబితాలో హోటల్ పేరు తప్ప వంటకాల పేర్లే లేవంటే, మిమ్మల్ని ముందే తెలిసినవాళ్లు తప్ప కొత్తవాళ్లు చేరడం లేదని అర్థం. మా మెస్ పరిస్థితి అదే.

2. ఏ స్పెల్లింగ్ రాయాలి?

తెలుగు వంటకాలకు ఇంగ్లీషు అక్షరాల్లో ఖాయమైన స్పెల్లింగ్ లేదు. `sangati`, `sankati`, `sangadi`, `natu kodi`, `natukodi`, `naatu kodi` అని ఎవరికి తోచినట్టు వాళ్లు కొడతారు. అన్నీ రాసేద్దామా అంటే మెనూ చదవలేనట్టు తయారవుతుంది.

దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. మీ ప్రాంతంలోనే ఉండి, రెండు స్పెల్లింగులతో విడివిడిగా వెతకండి. మొదటి పేజీలో దాదాపు అవే హోటళ్లు, అవే పేజీలు వస్తే గూగుల్ ఆ రెండింటినీ ఒకే మాటగా చూస్తోందన్నమాట, ఒకటి రాస్తే చాలు. ఫలితాలు పూర్తిగా వేరుగా ఉంటే రెండూ పేజీలో ఉండాలి. మాకు `natukodi`, `natu kodi` రెండింటికీ ఫలితాలు దాదాపు ఒకటే వచ్చాయి. `ragi sangati`, `ragi mudda` మాత్రం వేరువేరు దారులు పట్టాయి. రెండోదానికి కన్నడ వంటల పేజీలు ఎక్కువ వచ్చాయి. అందుకని ఐటమ్ పేరులో సంగటి అని రాసి, వివరణలో ‘కొందరు రాగి ముద్ద అంటారు’ అన్న వాక్యం పెట్టాం. చదివేవాళ్లకూ అది పనికొచ్చే సమాచారమే.

తెలుగు లిపిలో పేరు కూడా పక్కనే ఉండాలి. తెలుగులో టైపు చేసేవాళ్లు తక్కువేమో కానీ, ఫోన్‌కు తెలుగులో మాట్లాడి వెతికితే ఆ మాట తెలుగు అక్షరాల్లోనే పడుతుంది. పెద్దవాళ్లు చాలామంది వెతికేది అలాగే.

3. పేరు కట్టే తీరు

నేను పాటించే వరస ఇది. ముందు వంటకం అసలు పేరు, తర్వాత ఆ పేరును బట్టి ప్రధానమైన పదార్థం ఏదో తెలియకపోతే దాని పేరు, చివర మీరు ముద్దుగా పెట్టుకున్న పేరు. ‘సీమ సింహం’ అన్న పేరు మీద మా బంధువుకు మమకారం. ఆయన కొడుకు పెట్టిన పేరు అది. తీసేయమని నేను అనలేదు, ముందున్నదాన్ని వెనక్కి జరపమన్నాను.

```
ముందు:   Seema Simham Thali
తర్వాత:  Ragi Sangati with Natu Kodi Pulusu – Seema Simham Thali
         రాగి సంగటి, నాటుకోడి పులుసు
```

పేరును ఇంగ్లీషులోకి అనువదించే అలవాటు చాలామందికి ఉంది. గోంగూర మటన్‌ను `Sorrel Leaf Lamb Curry` అని రాసిన మెనూ చూశాను. హైదరాబాద్‌లో అలా వెతికే మనిషి ఉండడు. పేరు గోంగూరగానే ఉండనివ్వండి, పుల్లటి ఆకు అన్న సంగతి వివరణలో చెప్పండి. నాటుకోడి విషయం కొంచెం వేరు. `country chicken` అని తెలుగువాళ్లే కొడతారు కాబట్టి అది వివరణ మొదటి వాక్యంలో వచ్చేలా చూడండి. అమెరికాలో ఇర్వింగ్, ఎడిసన్ లాంటి మన జనం ఎక్కువున్న చోట్ల హోటల్ నడిపేవాళ్లకూ ఇదే పద్ధతి పనిచేస్తుంది. అక్కడ తెలుగు తెలియని కస్టమర్ కూడా వస్తాడు కాబట్టి వివరణ ఇంకో వాక్యం పెరుగుతుంది, పేరు మాత్రం మారదు.

పేరులో ఊరి పేరు కలిపేటప్పుడు జాగ్రత్త. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, తిరుపతి లడ్డుకు అంతకు చాలా ముందే 2009లో వచ్చింది. గుర్తింపు ఉన్న పేరును అక్కడ తయారుకాని వస్తువుకు తగిలించడం చట్టరీత్యా తప్పు. ఆత్రేయపురం నుంచి తెప్పించి అమ్ముతుంటే ఆ మాట రాయండి, హోటల్లోనే చుడుతుంటే ఉత్త పూతరేకులు అని రాయండి. గుర్తింపు లేని ఊరి పేర్ల విషయంలోనూ అదే నిజాయితీ ఉండాలి. గుంటూరు మనిషి మీ ‘గుంటూరు కోడి వేపుడు’ కోసమే వచ్చి, నోట్లో పెట్టుకోగానే కనిపెట్టేస్తాడు.

4. వివరణ: ఆకలితో ఉన్న మనిషి అడిగే ప్రశ్నలకు జవాబు

ఎక్కువ మెనూలు పాడయ్యేది ఇక్కడే. పాత మెనూలో ఆ థాలీ కింద ఉన్న వివరణ ఇది:

“నోరూరించే రాయలసీమ రుచుల అద్భుత సమ్మేళనం. ఒక్కసారి తింటే మళ్లీ మళ్లీ తినాలనిపిస్తుంది!”

ఈ రెండు వాక్యాలను తీసుకెళ్లి పులిహోర కింద పెట్టినా, బిర్యానీ కింద పెట్టినా సరిపోతాయి. అంటే ఇవి ఆ వంటకం గురించి ఏమీ చెప్పడం లేదు. వెతికే యంత్రానికీ ఇందులో పట్టుకోవడానికి మాట లేదు, తినే మనిషికీ లేదు.

కొత్త వివరణ రాయడానికి నేను వంటింట్లోకి వెళ్లి గంటసేపు నిలబడ్డాను. వంట మాస్టర్ బియ్యం మెత్తగా ఉడికించి, దాని మీద రాగిపిండి పోసి, వెంటనే కలపకుండా మూతపెట్టి ఆవిరి మీద మగ్గనిచ్చారు. ఆ తర్వాత తెడ్డు తీసుకుని ఉండ కట్టకుండా గట్టిగా ఎనిపారు. చేతికి నెయ్యి రాసుకుని ముద్దలు చేశారు. నాటుకోడి పక్క పొయ్యి మీద గంటకు పైగా ఉడుకుతోంది. “బ్రాయిలర్ అయితే ఇంతసేపటికి పీచు పీచు అయిపోతుంది సార్, ఇది ఇంకా పట్టుగానే ఉంది చూడండి” అని ఒక ముక్క తీసి చూపించారు. పులుసులో ధనియాలు, ఎండు కొబ్బరి, గసగసాలు. ఎన్ని ముక్కలు వేస్తారని అడిగితే అయిదు అన్నారు. బోన్‌లెస్ అడిగితే? “నాటుకోడిలో బోన్‌లెస్ ఇవ్వలేం సార్.”

వివరణకు కావలసినదంతా ఆయన మాటల్లోనే దొరికింది:

“బియ్యం, రాగిపిండి కలిపి తెడ్డుతో ఎనిపిన సంగటి రెండు ముద్దలు, పైన నెయ్యి. కొందరు రాగి ముద్ద అంటారు. దానితో కంట్రీ చికెన్ పులుసు, ఎముకతో ఉన్న అయిదు ముక్కలు. ధనియాలు, ఎండు కొబ్బరి, గసగసాలు వేసి గంటకు పైగా ఉడికించినది. కారం ఎక్కువ. ఒకరికి సరిపోతుంది. మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు. వేరుశనగ పచ్చడి కూడా ఇస్తాం.”

నలభై మాటలకు అటూఇటూ. ఇందులో ప్రతి వాక్యం ఎవరో ఒకరు ఫోన్ చేసి అడిగే ప్రశ్నకు జవాబు. ఎముకలుంటాయా, ఎంతమందికి వస్తుంది, కారమా, రాత్రి దొరుకుతుందా? వేరుశనగ సంగతి రాయడానికి ఇంకో కారణం ఉంది. పల్లీలు పడనివాళ్లకు అది ప్రాణం మీదికి వచ్చే విషయం. జీడిపప్పు, పాలు, నువ్వులు, గోధుమ, గుడ్డు, రొయ్యలు ఉంటే కూడా ఇలాగే చెప్పండి. శాకాహారానికి పచ్చ గుండ్రని గుర్తు, మాంసాహారానికి గోధుమరంగు త్రిభుజం పెట్టండి. కానీ గుర్తు ఒక్కటే బొమ్మగా పెట్టి వదలకుండా పక్కన మాట కూడా రాయండి, బొమ్మలోని సంగతి వెతికే యంత్రానికి అందదు.

వంకాయ కూర, టమాటా పప్పు లాంటివాటికి ఇంత రాయనక్కర్లేదు. ఒక వాక్యం చాలు. వెతుక్కుంటూ వచ్చి తినే వంటకాలు ఏ హోటల్లోనైనా మూడో నాలుగో ఉంటాయి. ఓపికంతా వాటి మీద పెట్టండి.

ఇంకో మాట. మా మెస్‌లో నాటుకోడి రోజూ దొరకదు. దొరకని రోజు వేరే కోడితో నడిపించే హోటళ్లు ఉన్నాయి. వివరణ ఎంత బాగా రాస్తే ఆ మోసం అంత త్వరగా బయటపడుతుంది, ఎందుకంటే ఆ మాట చదివే జనం వస్తారు. దొరకని రోజు ఆ ఐటమ్ లేదని చెప్పడానికి ఆయన ఒప్పుకున్నాకే నేను పేజీలో నాటుకోడి అని రాశాను.

5. మెనూ అక్షరాలుగా ఉందా, బొమ్మగా ఉందా?

మీ మెనూ పేజీని ఫోన్‌లో తెరిచి ఒక ఐటమ్ పేరు మీద వేలు నొక్కి పట్టుకోండి. ఆ మాట ఒక్కటే ఎంపికై కాపీ చేయడానికి వీలైతే అది చాలావరకు అక్షరం. బొమ్మను సేవ్ చేసుకోమన్న ఆప్షన్ వస్తే అది ఫొటో. కొన్ని ఫోన్లు ఫొటోలోని అక్షరాలను కూడా ఎంపిక చేయనిస్తాయి కాబట్టి అనుమానం ఉంటే కంప్యూటర్‌లో పేజీ సోర్స్ తెరిచి ఆ మాట కోసం వెతకండి. సోర్స్‌లో లేకపోతే వెంటనే కంగారు పడొద్దు, కొన్ని సైట్లు మెనూను తర్వాత జావాస్క్రిప్ట్‌తో తెచ్చి నింపుతాయి. గూగుల్ చూసిన పేజీలో ఆ మాట ఉందో లేదో, సైటు ఓనర్ల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో మీ పేజీ లింకు పెట్టి `View crawled page` నొక్కితే తెలిసిపోతుంది. ఆఖరి తీర్పు అదే.

పీడీఎఫ్ సంగతేమిటి? అక్షరాలున్న పీడీఎఫ్‌ను గూగుల్ చదవగలదు. కానీ ఫోన్‌లో దాన్ని రెండు వేళ్లతో పెద్దది చేసుకుంటూ చదివే ఓపిక ఆకలితో ఉన్నవాడికి ఉండదు, పైగా ధర మారినప్పుడల్లా కొత్త ఫైలు పెట్టాలి. టేబుల్ మీది క్యూఆర్ కోడ్ కూడా ఇలాంటి పీడీఎఫ్‌కే వెళ్తున్న హోటళ్లు చాలా ఉన్నాయి. ఆ కోడ్‌ను మీ సైటులోని అక్షరాల పేజీకి తిప్పండి. టేబుల్ దగ్గర కూర్చున్నవాడికీ, రోడ్డు మీద వెతికేవాడికీ ఒకే పేజీ పనికొస్తుంది, ధర ఒక్కచోట మారిస్తే సరిపోతుంది.

పేజీ కట్టడం ఇలా ఉంటే చాలు:

```html
<title>Ragi Sangati, Natu Kodi Pulusu in Kukatpally | మీ హోటల్ పేరు</title>

<h2 id="ragi-sangati">Ragi Sangati with Natu Kodi Pulusu
  – రాగి సంగటి, నాటుకోడి పులుసు</h2>
<p>వివరణ ఇక్కడ</p>
<p>₹320 · మాంసాహారం</p>
```

టైటిల్‌లో మీ ముఖ్యమైన ఒకటి రెండు వంటకాలు, ప్రాంతం పేరు, హోటల్ పేరు. అంతకంటే కుక్కితే ఫలితాల్లో సగం కత్తిరించుకుపోతుంది. పేజీ అడుగున చిరునామా, దగ్గర్లోని మెట్రో స్టేషన్ లేదా అందరికీ తెలిసిన గుర్తు, ఏ రోజు ఏ సమయానికి తెరిచి ఉంటుందో మామూలు వాక్యాల్లో రాయండి. `near me` అన్న మాటను పేజీలో ఎక్కడా రాయొద్దు. వెతికేవాడు ఎక్కడున్నాడో అతని ఫోన్ చెబుతుంది, మీరెక్కడున్నారో మీ చిరునామా చెబుతుంది.

సైటు చేసిపెట్టేవాళ్లు ఉంటే మెనూకు స్కీమా కోడ్ కూడా పెట్టించండి. ఒక ఐటమ్ వరకు ఇలా ఉంటుంది:

```json
{
  "@type": "MenuItem",
  "name": "Ragi Sangati with Natu Kodi Pulusu",
  "description": "Two ragi balls with bone-in country chicken, spicy",
  "offers": {
    "@type": "Offer",
    "price": "320",
    "priceCurrency": "INR"
  }
}
```

ఇది `Restaurant`, దాని లోపల `hasMenu`, దాని లోపల `hasMenuSection`, దాని లోపల `hasMenuItem` అన్న వరసలో కూర్చోవాలి. దీనివల్ల ఫలితాల్లో ప్రత్యేకమైన అలంకారం ఏమీ రాదు. ఏది ఐటమ్ పేరు, ఏది ధర అన్న గందరగోళం లేకుండా యంత్రం చదువుకోవడానికే ఇది. పెట్టించే వీలు లేకపోతే వదిలేయండి, అక్షరాల పేజీ ముఖ్యం.

సైటు వాళ్లు ఇంకో సలహా ఇవ్వొచ్చు: మియాపూర్‌కు ఒకటి, నిజాంపేటకు ఒకటి, బాలానగర్‌కు ఒకటి చొప్పున అదే పేజీని ఊరి పేరు మార్చి పది చేద్దామని. ఒప్పుకోవద్దు. ఇలాంటివాటిని గూగుల్ డోర్‌వే పేజీలంటుంది, అవి దాని స్పామ్ నియమాల కిందికి వస్తాయి. నిజంగా రెండు బ్రాంచీలుంటే రెండు పేజీలు, ఒకటే ఉంటే ఒకటే పేజీ.

6. మ్యాప్ ప్రొఫైల్‌లో అదే పేరు, అదే ధర

బిజినెస్ ప్రొఫైల్‌లో మెనూ ఐటమ్‌లను టైపు చేసి పెట్టుకునే చోటు ఉంది. సైటులో రాసిన పేరునే అక్షరం మారకుండా అక్కడ పెట్టండి, మెనూ లింకుగా మీ పేజీనే ఇవ్వండి. వెతికిన వంటకం పేరు మీ సైటులోనో మెనూలోనో రివ్యూల్లోనో ఉంటే, కొన్నిసార్లు మ్యాప్ ఫలితంలో హోటల్ పేరు కింద ఆ మాట చూపిస్తూ ఒక చిన్న లైను వస్తుంది. ఆ లైను చూసే చాలామంది నొక్కుతారు. దాన్ని మనం చేతితో పెట్టలేం, రావడానికి దారి మాత్రం వేయగలం.

చేయకూడని పని ఒకటుంది. హోటల్ పేరు పెట్టెలో `... Mess – Ragi Sangati Natu Kodi Best Kukatpally` అని వంటకాలు కలిపేయడం. బోర్డు మీద ఏ పేరుందో అదే అక్కడ ఉండాలన్నది గూగుల్ నియమం. ఎవరైనా ఫిర్యాదు చేస్తే పేరు మార్చేస్తారు, ఒక్కోసారి ప్రొఫైలే ఆపేస్తారు. నాకు తెలిసిన ఒక హోటల్ ప్రొఫైల్ అలా ఆగిపోయి, సరిగ్గా పండగ వారంలో మ్యాప్‌లో కనబడకుండా పోయింది. ఆ ఓనర్ పడ్డ టెన్షన్ దగ్గరుండి చూశాను.

మీ ప్రొఫైల్‌ను తెలియనివాళ్ల ఫోన్‌లో కూడా ఒకసారి చూడండి. కస్టమర్లు పెట్టిన పాత మెనూ కార్డు ఫొటోలు అక్కడ తిరుగుతుంటాయి. మా మెస్‌కు రెండేళ్ల కిందటి ధరలతో ఫొటో ముందుగా కనబడింది. ఇప్పటి కార్డు ఫొటో మేమే పెట్టాం. డెలివరీ యాప్‌ల్లో కూడా ఇదే పేరు పెట్టండి, అక్కడా జనం వంటకం పేరుతోనే వెతుకుతారు.

7. కొన్ని రోజులే దొరికే వంటకాలు

రంజాన్‌కు హలీం, ఎండాకాలంలో మామిడికాయ పప్పు లాంటివాటి పేజీని సీజన్ అయిపోగానే తీసేయకండి. తీసేసి మళ్లీ కొత్త లింకుతో పెడితే ప్రతి ఏడూ మొదటి నుంచి మొదలుపెట్టినట్టే. అదే లింకు ఉంచి, పైన ఒక్క వాక్యం రాయండి: ‘ఇప్పుడు లేదు, రంజాన్ నెలలో సాయంత్రం 5 నుంచి దొరుకుతుంది.’ లింకులో సంవత్సరం అంకె పెట్టకండి. సీజన్‌కు మూడు నాలుగు వారాల ముందు ధర, సమయం సరిచేస్తే మొదటిరోజుకు అంతా సిద్ధంగా ఉంటుంది.

8. పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

హోటల్లోనే కూర్చుని మీ ఫోన్‌లో వెతికి, పైన కనబడిందని సంబరపడొద్దు. మీరు హోటల్లోనే ఉన్నారు కాబట్టి అది పైనే కనబడుతుంది. ఒకటి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న తెలిసినవాళ్లతో వెతికించి స్క్రీన్‌షాట్ పంపించమనండి.

కొన్ని వారాలయ్యాక సెర్చ్ కన్సోల్‌లో క్వెరీల జాబితా, అంటే జనం వెతికిన మాటల జాబితా తెరిచి `sangati` అన్న మాటతో వడకట్టండి. అక్కడ మమ్మల్ని మొదట తికమక పెట్టింది ఒకటుంది. `natu kodi pulusu` అన్న మాటకు మా పేజీ చాలాసార్లు కనబడింది కానీ ఒక్కరూ నొక్కలేదు. టైటిల్ బాగాలేదేమో అనుకున్నాను. ఆ మాటను నేనే వెతికి చూస్తే ఫలితాలన్నీ వంట వీడియోలు. ఆ మాట కొట్టేవాళ్లు ఇంట్లో వండుకునేవాళ్లు, హోటల్ కోసం వెతికేవాళ్లు కాదు. కాబట్టి ఆ అంకెను పక్కన పెట్టి, వంటకం పేరుతో పాటు ప్రాంతం పేరో, `near me` అనో, `restaurant` అనో ఉన్న క్వెరీలనే చూడడం మొదలుపెట్టాం. మన కస్టమర్లు అక్కడే ఉన్నారు. చాలా అరుదుగా కొట్టే మాటలను గూగుల్ ఆ జాబితాలో చూపించదు, అందుకే మొత్తం అంకెలు కలవకపోయినా కంగారు పడక్కర్లేదు.

మామూలు ఫలితాల్లో కనబడి, మ్యాప్‌లో మాత్రం కనబడకపోతే లోపం మెనూ పేజీలో ఉండదు. ప్రొఫైల్‌లో కేటగిరీ చూడండి. మా మెస్‌కు ఎవరో హడావుడిగా కేటరింగ్ కేటగిరీ పెట్టి ఉంచారు. దాన్ని `South Indian restaurant`గా మార్చాం. కేటగిరీ సరిగ్గానే ఉంటే ఇక మిగిలింది దూరం, దానికి మందు లేదు. జనం వచ్చి ‘ఐటమ్ లేదంట’ అని తిరిగి వెళ్తుంటే వివరణలో రాసిన సమయం తప్పు. మాకు అదే జరిగింది. మూడింటి వరకు అని రాశాం కానీ ఆదివారాలు ఒకటిన్నరకే కుండ ఖాళీ అవుతోంది.

అందుకని పేజీలో ఒక వాక్యం చేర్చాం: ‘ఆదివారం ఒంటిగంట దాటితే ఫోన్ చేసి రండి.’ కౌంటర్ నోట్‌బుక్ ఇంకా నడుస్తోంది. ఇప్పుడు అందులో ఎక్కువగా కనబడే ప్రశ్న “సంగటి ఉందా” కాదు, “నాటుకోడి అయిపోయిందా అన్నా?” అని.